ఆసుపత్రి పర్చేజ్ కమిటీకి లినెన్ సరఫరా కోసం మెయిల్: ఏం రాయాలి, ఏ పత్రాలు పెట్టాలి

ప్రశ్న: సార్, మాది కరీంనగర్ దగ్గర చిన్న కుట్టు యూనిట్. హాస్పిటల్ బెడ్‌షీట్లు, దిండు గలీబులు, పేషెంట్ గౌన్లు కుడతాం. ఇప్పటిదాకా నర్సింగ్ హోమ్‌లకే ఇచ్చాం. ఇప్పుడు ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీ హాస్పిటల్‌కి, 450 పడకలది, పర్చేజ్ కమిటీకి మెయిల్ పెడదామనుకుంటున్నాం. ఇలాంటివి ఇంతకుముందు చాలా చోట్లకి పంపాం, ఒక్కదానికీ జవాబు రాలేదు. ఏం రాయాలి? ఏ డాక్యుమెంట్లు జత చెయ్యాలి? రేట్లు రాయాలా వద్దా?

జవాబు:

నేను ఒక ట్రస్టు ఆసుపత్రి స్టోర్స్, పర్చేజ్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. కమిటీ మీటింగులకు అజెండా నోట్ రాయడం, వచ్చిన కొటేషన్లను పక్కపక్కన పెట్టి పోల్చే కంపారిటివ్ స్టేట్‌మెంట్ వెయ్యడం నా పనే. కాబట్టి మీ మెయిల్ అవతల చేరాక దానికేమవుతుందో అక్కణ్ణుంచి మొదలుపెడతాను.

కమిటీ మెయిళ్లు చదవదు. కమిటీ అంటే మెడికల్ సూపరింటెండెంట్, నర్సింగ్ సూపరింటెండెంట్, అకౌంట్స్ నుంచి ఒకరు, స్టోర్స్ ఇన్‌చార్జి, ఆ వస్తువు వాడే విభాగం నుంచి ఒకరు. నెలకో, రెండు నెలలకో ఓసారి గంటసేపు కూర్చుంటారు. వాళ్ల ముందుకు ఫైలు వస్తుంది, మెయిల్ రాదు. మెయిల్ చదివేది పర్చేజ్ ఆఫీసరో, ఆయన దగ్గరి అసిస్టెంటో. ఆయన టేబుల్ మీద ఆ రోజు ఆక్సిజన్ బిల్లు ఉంటుంది, రాని సిరంజిల గొడవ ఉంటుంది, వాటి మధ్యలో మీ మెయిల్ తెరుస్తాడు. దాన్ని ఒక్క ప్రింట్ తీసి, 'వెండర్ లిస్టులో చేర్చవచ్చు' అని ఒక్క లైను రాసి ఫైల్లో పెట్టగలిగితే పెడతాడు. దానికోసం మీకు ఫోన్ చేసి ఇంకో మూడు కాగితాలు అడగాల్సి వస్తే వదిలేస్తాడు. జవాబు రాని మెయిళ్లలో చాలావరకు ఎవరూ తిరస్కరించినవి కావు, ఇలా మధ్యలో ఆగిపోయినవి.

అందుకే మొదటి మెయిల్లో ఆర్డర్ అడగకండి. ఏ పర్చేజ్ ఆఫీసరూ మెయిల్ చూసి ఆర్డర్ ఇవ్వలేడు, ఆయనకు ఆ అధికారం లేదు. ఆయన చెయ్యగలిగింది ఒక్కటే: లినెన్ ఎంక్వైరీ వెళ్లేటప్పుడు పంపే జాబితాలో మీ పేరు కలపడం. దాన్నే అడగండి. మామూలుగా కనీసం మూడు కొటేషన్లు ఉంటేనే కంపారిటివ్ స్టేట్‌మెంట్ కమిటీ ముందుకెళ్తుంది. ఉన్న ముగ్గురు వెండర్లలో ఒకరు కొటేషన్ పంపకపోతే ఆయనకే ఇబ్బంది. పనికొచ్చే నాలుగో పేరు దొరికితే ఆయనకూ సౌకర్యమే. మీరు అడుగుతున్నది ఆయనకు అవసరమైనదే అని గుర్తుంచుకుంటే మెయిల్లో బతిమాలే ధోరణి దానంతటదే పోతుంది.

మెయిల్ కంటే ముందు లెటర్‌హెడ్ మీద ఉత్తరం తయారుచెయ్యండి. దానిమీద మీ రెఫరెన్స్ నంబరు, తేదీ, సంతకం, స్టాంపు ఉండాలి. మెయిల్ బాడీని ప్రింట్ తీసి ఫైల్లో పెట్టడం చాలా ఆఫీసుల్లో అలవాటు లేదు. లెటర్‌హెడ్ ఉత్తరమైతే దానికి ఇన్‌వర్డ్ నంబరు పడుతుంది. ఇన్‌వర్డ్ నంబరు పడిన కాగితాన్ని ఊరికే పారెయ్యడం కుదరదు. మెయిల్లో ఐదారు లైన్లు చాలు, అసలు సంగతి జతచేసిన ఉత్తరంలో ఉండాలి.

మన దగ్గర ఇలాంటి ఉత్తరాలు ఇంగ్లీషులోనే నడుస్తాయి కాబట్టి మీరు ఇంగ్లీషులోనే పంపండి. ఇక్కడ వరస అర్థం కావడానికి తెలుగులో రాస్తున్నాను. అంకెలన్నీ మచ్చుకి వేసినవే, మీవి మీరు పెట్టుకోవాలి.

విషయం: హాస్పిటల్ లినెన్: వెండర్‌గా నమోదు చేయవలసిందిగా అభ్యర్థన (తయారీదారు, కరీంనగర్)

గౌరవనీయులైన పర్చేజ్ కమిటీ చైర్మన్ గారికి,
పర్చేజ్ ఆఫీసర్ గారి ద్వారా,

మేము కరీంనగర్ సమీపంలో హాస్పిటల్ లినెన్ తయారుచేసే సూక్ష్మ సంస్థ. బెడ్‌షీట్లు, దిండు గలీబులు, పేషెంట్ గౌన్లు మా సొంత యూనిట్లోనే కత్తిరించి కుడతాము. గత రెండేళ్లుగా మూడు నర్సింగ్ హోమ్‌లకు సరఫరా చేస్తున్నాము. సంబంధిత పర్చేజ్ ఆర్డర్లు, సంతృప్తికర సరఫరా లేఖలు జతపరచిన పత్రాల్లో 9 నుంచి 12 పేజీల్లో ఉన్నవి.

మీ సంస్థలో ఈ వస్తువులకు ఎంక్వైరీ లేదా టెండర్ వెలువడినప్పుడు మాకు కూడా పంపే విధంగా మా సంస్థను వెండర్ల జాబితాలో చేర్చవలసిందిగా మనవి.

మా బెడ్‌షీట్ వివరాలు: నూరు శాతం కాటన్, తెలుపు. కుట్టిన తర్వాత కొలత 60 × 108 అంగుళాలు. చదరపు మీటరుకు 150 గ్రాములు. ఉతికిన తర్వాత కుంచించుకుపోవడం రెండు వైపులా 5 శాతం లోపు (ల్యాబ్ రిపోర్టు 13వ పేజీ). నెలకు 1,500 బెడ్‌షీట్ల వరకు సరఫరా చేయగలము. మొదటి లాటు ఆర్డర్ అందిన 21 రోజుల్లో అందజేస్తాము.

పరీక్ష కోసం రెండు నమూనాలు ఉచితంగా అందజేయగలము. మీకు వీలైన తేదీ తెలియజేస్తే స్వయంగా తీసుకువస్తాము.

ఇట్లు,
(పేరు, హోదా, సంతకం, సంస్థ స్టాంపు, ఫోన్)

అంతే. 'నాణ్యతే మా ఊపిరి', 'అతి తక్కువ ధరలకు', 'ఒక్క అవకాశం ఇచ్చి చూడండి' లాంటివి ఏవీ అక్కర్లేదు. అవి ప్రతి మెయిల్లోనూ ఉంటాయి, ఎవరూ చదవరు. ఒక పేజీ దాటకూడదు.

ఆ ఉత్తరంలో బెడ్‌షీట్ కొలత దగ్గర కొంచెం ఆగుదాం. మీ మెయిల్ నిలబడేదీ పోయేదీ అక్కడే. చాలామంది '60 × 90 స్టాండర్డ్ సైజ్' అని రాసేస్తారు. ఆసుపత్రి పరుపు మామూలుగా 78 అంగుళాల పొడవు, 36 వెడల్పు, 4 అంగుళాల మందం ఉంటుందనుకోండి. పొడవుతోపాటు తలవైపు 4, కాళ్లవైపు 4 కిందికి దిగాలి, అంటే పరుపు అడుగు అంచుకు చేరడానికే 86 అంగుళాలు కావాలి. 90 అంగుళాల కాటన్ షీటు 5 శాతం కుంచించుకుపోతే మిగిలేది 85.5. కొత్తగా ఉన్నప్పుడు పరుపు కిందికి రెండేసి అంగుళాలు మడతపడిన షీటు, కొన్ని ఉతుకుల తర్వాత అడుగు అంచుకే అందదు. పేషెంటు అటు తిరిగితే షీటు ఊడి మధ్యకి ముద్దగా వచ్చేస్తుంది, కింద రెగ్జిన్ కనిపిస్తుంది. దీంతో రోజూ తంటా పడేది నర్సులే. కమిటీలో లినెన్ గురించి చివరి మాట నర్సింగ్ సూపరింటెండెంట్‌ది ఎందుకవుతుందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

అదే 108 అంగుళాలైతే 5 శాతం పోయినా 102.6 మిగులుతుంది. అంచులకు 86 తీసేస్తే 16 పైచిలుకు, అంటే ఒక్కో వైపు ఎనిమిది అంగుళాలు పరుపు కిందికి మడతపెట్టొచ్చు. వెడల్పు 60 ఉంటే ఉతికాక 57. పరుపు 36, రెండు పక్కల 8, మొత్తం 44. పక్కకి ఆరున్నర అంగుళాలు చొప్పున మిగులుతుంది, సరిపోతుంది. మెయిల్ పంపే ముందు ఆ ఆసుపత్రి స్టోర్స్‌కి ఫోన్ చేసి 'మీ పరుపు కొలత ఎంతండీ' అని అడగండి. ఆ ఒక్క కొలత తెలిసి రాసిన ఉత్తరం వెంటనే తెలిసిపోతుంది. 'ఉతికిన తర్వాత కొలత' అన్న మాట కనిపిస్తే నర్సింగ్ సూపరింటెండెంట్ ఆ కాగితాన్ని పక్కన పెట్టనివ్వరు.

గ్రామేజీ కూడా అంతే. 60 × 108 షీటు విస్తీర్ణం దాదాపు 4.18 చదరపు మీటర్లు. 150 గ్రాముల చొప్పున షీటు బరువు సుమారు 627 గ్రాములు రావాలి. కుట్టు అంచుల వల్ల కాస్త ఎక్కువే ఉంటుంది. స్టోర్స్‌లో ఎప్పుడూ ఒక కాటా ఉంటుంది. నేనైతే నమూనా రాగానే ముందు తూచేవాణ్ణి. 540 గ్రాములు చూపిస్తే అది 150 కాదు, 130 కూడా కాదు. ఇంకో కిటుకు ఉంది: గంజి బాగా దట్టించిన బట్ట మొదట్లో బరువు సరిగ్గానే చూపిస్తుంది, ఒక ఉతుకు తర్వాత పల్చబడిపోతుంది. అందుకే మంచి స్టోర్స్‌లో ఉతికి ఆరాక మళ్లీ తూస్తారు. మీరు బట్ట కొనే దగ్గర ఈ తేడా ముందే చూసుకుని, ఉతికిన బట్ట మీద వచ్చిన గ్రామేజీనే రాయండి. అంకె తక్కువగా కనిపించినా నమ్మకం నిలబడుతుంది.

రంగు బట్ట ఇస్తే, అంటే ఆపరేషన్ థియేటర్ ఆకుపచ్చ లాంటివి, 'వ్యాట్ డై' అని స్పష్టంగా రాయండి, నిజంగా వ్యాట్ డై అయితేనే. ఆసుపత్రి లాండ్రీలో రక్తం మరకలకి హైపోక్లోరైట్ బ్లీచ్ వాడతారు, వేడినీళ్లలో ఉతుకుతారు. రియాక్టివ్ రంగులు చాలావరకు క్లోరిన్‌కి వెలిసిపోతాయి. ఒక షీటుకీ ఇంకో షీటుకీ రంగు కలవకపోతే వార్డు చూడ్డానికి బాగోదని మేనేజ్‌మెంట్ నుంచి మాట వస్తుంది. అది పర్చేజ్ ఆఫీసర్ మీదికే వస్తుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. 'స్టెరైల్' అన్న మాట సరదాగా వాడకండి. బెడ్‌షీట్లు, గలీబులు, మామూలు వార్డు గౌన్లు వేరు. స్టెరైల్ చేసి ప్యాక్ చేసిన సర్జికల్ గౌన్లు, డ్రేప్‌లు మెడికల్ డివైజెస్ రూల్స్ 2017 కిందికి వస్తాయి. వాటికి తయారీ లైసెన్సు కావాలి. మీరు తయారుచెయ్యకుండా గ్లవ్స్, మాస్కుల్లాంటివి కొని అమ్మాలనుకున్నా ఆ డివైజులు అమ్మడానికి ఫారం ఎండీ-42 రిజిస్ట్రేషన్ అడుగుతారు. లినెన్ మెయిల్లో ఇవి కూడా కలిపి 'అన్ని రకాల హాస్పిటల్ సామాన్లు సరఫరా చేస్తాం' అని రాస్తే, లైసెన్సు కాగితం లేదని మీ లినెన్ కూడా పక్కకి పోతుంది. ఉన్నదే రాయండి.

ఇప్పుడు పత్రాలు. లింకులు పంపకండి, ఆసుపత్రి కంప్యూటర్లలో బయటి డ్రైవ్ లింకులు తరచూ బ్లాక్ అయి ఉంటాయి. తెరుచుకున్నా దాన్ని ఎవరూ డౌన్‌లోడ్ చేసి పేజీలు వరసపెట్టరు. పన్నెండు విడి ఫైళ్లు కూడా పంపకండి. అన్నీ ఒకే పీడీఎఫ్‌గా కలిపి, ఐదు ఎంబీ లోపు ఉంచి, మొదటి పేజీలో విషయసూచిక పెట్టి, ప్రతి పేజీకి నంబరు వెయ్యండి. ఫైలు పేరు కూడా చూడగానే అర్థమవ్వాలి, `Scan0047.pdf` కాకుండా `HospitalLinen_VendorDocuments_Karimnagar.pdf` లాగా. ఆ పేరుతోనే అది ఆయన కంప్యూటర్లో ఉండిపోతుంది, ఆరు నెలల తర్వాత ఎంక్వైరీ వచ్చినప్పుడు 'లినెన్' అని వెతికితే దొరకాలి.

లోపల ఉండాల్సినవి మీకు చాలావరకు తెలిసినవే: జీఎస్టీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పాన్, ఉద్యం సర్టిఫికెట్, క్యాన్సిల్ చేసిన చెక్కు, మూడేళ్ల టర్నోవర్‌కి సీఏ సర్టిఫికెట్, ఇటీవలి జీఎస్టీ రిటర్నులు, పాత పర్చేజ్ ఆర్డర్లు, బట్ట ల్యాబ్ రిపోర్టు, ఎక్కడా బ్లాక్‌లిస్ట్ కాలేదన్న డిక్లరేషన్. పాత పర్చేజ్ ఆర్డర్లలో రేట్లు కనపడకుండా కప్పెయ్యండి. అది ఆ నర్సింగ్ హోమ్ పట్ల మర్యాద, మీకు రక్షణ కూడా. ల్యాబ్ రిపోర్టు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌ది అయితే ఎవరూ ప్రశ్నించరు. కుంచించుకుపోవడం, గ్రామేజీ, ఉతుకుకి రంగు నిలవడం, ఈ మూడు పరీక్షలు చాలు. రిపోర్టు మీ సంస్థ పేరు మీద ఉండాలి. బట్ట ఇచ్చిన మిల్లు పేరు మీద ఉన్న రిపోర్టు పెడితే అది మీ బట్టే అని ఎలా తెలుస్తుంది అంటారు.

కాగితం లేకపోవడం కంటే కాగితాలు ఒకదానితో ఒకటి కలవకపోవడం వల్లే ఎక్కువమంది ఆగిపోతారు. మీ జీఎస్టీ నంబరు 15 అక్షరాలది. మొదటి రెండు అంకెలు రాష్ట్రం, తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. తర్వాతి పది అక్షరాలు పాన్ నంబరు. అకౌంట్స్ వాళ్లు చేసే మొదటి పనే ఆ పది అక్షరాల్నీ మీరు పెట్టిన పాన్ కార్డుతో పోల్చుకోవడం. యూనిట్ యజమాని భర్త, జీఎస్టీ భార్య పేరు మీద, పాన్ కాపీ భర్తది పెట్టడం, ఇలాంటివి నేను ఎన్నో చూశాను. దురుద్దేశం ఏమీ ఉండదు, ఇంట్లో ఇద్దరూ కలిసి నడుపుతుంటారు. కానీ ఫైల్లో అది ఇద్దరు వేరు వేరు మనుషులుగా కనిపిస్తుంది.

రెండోది చెక్కు. ప్రొప్రైటరీ సంస్థ అయితే జీఎస్టీ సర్టిఫికెట్‌లో లీగల్ నేమ్ అంటే యజమాని పేరు, ట్రేడ్ నేమ్ అంటే సంస్థ పేరు, రెండూ ఉంటాయి. బిల్లు సంస్థ పేరు మీద వేసి, చెక్కు మాత్రం యజమాని సొంత సేవింగ్స్ ఖాతాది పెడితే డబ్బు పంపేటప్పుడు అభ్యంతరం వస్తుంది. సంస్థ పేరుతో కరెంట్ అకౌంట్ ఉండాలి, చెక్కు మీద ఆ పేరు అచ్చయి ఉండాలి. మూడోది అడ్రసు. మీ కుట్టు యూనిట్ ఊళ్లో ఒక చోట, జీఎస్టీ సర్టిఫికెట్‌లో ఇంటి అడ్రసు ఉంటే, యూనిట్‌ని అదనపు వ్యాపార స్థలంగా జీఎస్టీలో చేర్పించండి. 'సొంత యూనిట్లో కుడతాము' అని రాసి, ఆ అడ్రసు ఏ పత్రంలోనూ లేకపోతే, మీరు తయారీదారా, మధ్యవర్తా అన్న అనుమానం వస్తుంది. ఉద్యం సర్టిఫికెట్‌లో కూడా తయారీ కింద నమోదైందో లేదో చూసుకోండి.

సీఏ సర్టిఫికెట్ మీద యూడీఐఎన్ నంబరు తప్పనిసరిగా ఉండాలి. అది `udin.icai.org` లో ఎవరైనా సరిచూసుకోవచ్చు, మా అకౌంట్స్‌లో సరిచూసేవాళ్లు కూడా. నంబరు లేని సర్టిఫికెట్ ఉన్నా లేనట్టే.

రేట్ల సంగతి. మొదటి మెయిల్లో రాయొద్దని నా సలహా. ఎంక్వైరీ లేకుండా పంపిన రేటుకి ఏ విలువా ఉండదు, దాన్ని కంపారిటివ్ స్టేట్‌మెంట్‌లో వెయ్యలేరు. కానీ ఒక్కసారి కాగితం మీద పడ్డాక అదే మీ గరిష్ఠ ధర అయిపోతుంది. తర్వాత నూలు పెరిగింది అన్నా, 'మార్చిలో ఇంతే అన్నారుగా' అంటారు. పాత వెండర్‌కి ఆ రేటు తెలిసే ప్రమాదం కూడా లేకపోలేదు. రేటు అడిగితే, 'మీ ఎంక్వైరీ ఫార్మాట్‌లో సీల్డ్‌గా ఇస్తాము' అని మర్యాదగా చెప్పండి. ఫోన్లో బడ్జెట్ కోసం అంచనా మాత్రమే అడిగితే ఒక అంకె చెప్పొచ్చు. రాతపూర్వకంగా మాత్రం వద్దు.

మెయిల్ ఎవరికి? 'టు'లో పర్చేజ్ విభాగం, 'సీసీ'లో స్టోర్స్, అంతే. ఉత్తరం మీద కమిటీ చైర్మన్‌ని సంబోధించినా, మెయిల్ ఆయన సొంత ఐడీకి పంపకండి. ఒకే మెయిల్‌లో ఇరవై ఆసుపత్రుల్ని 'టు'లో పెట్టి పంపేవాళ్లు ఉన్నారు. అది తెరిచిన క్షణంలోనే ఆ ఫైలు మూసేస్తారు. జీమెయిల్ నుంచి పంపడం తప్పేం కాదు, కానీ లెటర్‌హెడ్ మీదా, జీఎస్టీ పత్రాల్లోనూ అదే ఐడీ ఉంటే బాగుంటుంది.

పంపిన వారం పది రోజులకి స్టోర్స్‌కి ఒక ఫోన్. 'జవాబు రాలేదండీ' అని కాదు, 'ఇన్‌వర్డ్ నంబరు పడిందా, నమూనా ఎప్పుడు తేమంటారు' అని అడగండి. నమూనా తీసుకెళ్లేటప్పుడు రెండు తీసుకెళ్లండి: ఒకటి ఉతకడానికి, ఒకటి ఉతక్కుండా పక్కన పెట్టుకుని పోల్చుకోవడానికి. రెంటికీ బట్ట వివరాలు, సంస్థ పేరు రాసిన గుడ్డ లేబుల్ కుట్టండి. కాగితం లేబుల్ మొదటి ఉతుకులోనే పోతుంది, తర్వాత ఏ షీటు ఎవరిదో తెలియక అన్నీ కలిపి మూటకట్టేస్తారు. డెలివరీ చలాన్ మీద 'నమూనా, అమ్మకానికి కాదు' అని రాసి, మీ కాపీ మీద స్టోర్స్ స్టాంపు వేయించుకోండి. రేపు టెండర్‌లో 'నమూనా ఇచ్చినట్టు రుజువు' అడిగితే అదే రుజువు.

కొత్త లినెన్ ఎప్పుడు కొంటారో కూడా కాస్త కనిపెట్టి ఉండాలి. చాలా ప్రైవేటు ఆసుపత్రుల్లో ఏడాదికి ఒకసారి రేట్ కాంట్రాక్టు పెట్టుకుంటారు, ఎక్కువగా ఆర్థిక సంవత్సరంతో కలిపి. ఆసుపత్రులకి నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ తనిఖీకి ముందు చిరిగిన లినెన్ మార్చడం మామూలే. జనవరి, ఫిబ్రవరిల్లో మీ పేరు జాబితాలో ఉంటే ఏప్రిల్ ఎంక్వైరీ మీకొస్తుంది. మేలో మెయిల్ పెడితే ఏడాది ఆగాలి.

ఎంక్వైరీ వచ్చాక మీ మెయిల్ మర్యాదలన్నీ మారిపోతాయి. ఇప్పటిదాకా చేసింది పరిచయం, ఇకపై చేసేది బిడ్. చాలా టెండర్ పత్రాల్లో 'ఏ రూపంలో సిఫార్సు చేయించినా బిడ్ తిరస్కరిస్తాం' అని షరతు ఉంటుంది. ఎంక్వైరీ తేదీ నుంచి ఆర్డర్ వచ్చేదాకా కమిటీ సభ్యులకి విడివిడిగా ఫోన్లు, మెసేజీలు చెయ్యకండి. సందేహం ఉంటే అందులో ఇచ్చిన ఐడీకే రాతపూర్వకంగా అడగండి.

రెండు కవర్ల పద్ధతి అయితే, టెక్నికల్ పీడీఎఫ్‌లో ఎక్కడా ధర కనిపించకూడదు. కప్పెయ్యని పాత పర్చేజ్ ఆర్డర్ అందులో ఉన్నా కూడా అభ్యంతరం చెప్పేవాళ్లున్నారు. ధరల పీడీఎఫ్ వేరుగా, వాళ్ల ఫార్మాట్‌లోనే. ప్రాథమిక ధర, జీఎస్టీ, రవాణా విడివిడిగా చూపండి. 'ఎఫ్‌ఓఆర్ హాస్పిటల్ స్టోర్స్' అని వాళ్లు అడిగితే, రవాణా మీ ధరలోనే కలిసి ఉండాలి. తర్వాత లారీ కిరాయి అదనం అంటే కుదరదు. ధర ఎన్ని రోజులు చెల్లుతుందో వాళ్లడిగినంత రాయండి, 90 రోజులు అడిగితే 90. నూలు ధర గురించి టెన్షన్ ఉంటే దాన్ని రేటులో లెక్కేసుకోవాలి, 'మార్కెట్‌ను బట్టి ధర మారును' అని కింద చిన్న అక్షరాల్లో రాస్తే మొత్తం బిడ్డే షరతులతో కూడినదని పక్కన పెడతారు.

చిన్న సంస్థలవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటి చెప్తాను. ఈఎండీ అంటే బిడ్‌తోపాటు కట్టే డిపాజిట్. 'జీఎఫ్‌ఆర్ ప్రకారం మాకు ఈఎండీ మినహాయింపు ఉంది' అని ప్రైవేటు ఆసుపత్రికి రాస్తారు. ఆ మినహాయింపు జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017 లో ఉన్న మాట నిజమే, కానీ ఆ రూల్స్ కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లకు. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి 25 శాతం కొనాలన్న విధానం కూడా కేంద్ర మంత్రిత్వ శాఖలకి, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకి. ట్రస్టు నడిపే మెడికల్ కాలేజీ తన ఇష్టం ప్రకారం మినహాయించొచ్చు, మానొచ్చు. హక్కుగా అడిగితే చిరాకు పడతారు. 'ఉద్యం నమోదు ఉంది, ఈఎండీ మినహాయింపు పరిశీలించగలరు' అని అడగండి. బీబీనగర్ ఎయిమ్స్‌లాంటి కేంద్ర సంస్థకు వేస్తే అప్పుడు హక్కుగానే చూపించొచ్చు. కానీ అలాంటి చోట్లకి ఈ పరిచయ మెయిల్ పద్ధతే పనిచెయ్యదు. అక్కడ ప్రభుత్వ కొనుగోళ్ల కోసం నడిపే జెమ్ పోర్టల్‌లో విక్రేతగా నమోదై ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రులకైతే ఆయా రాష్ట్రాల వైద్య సేవల, మౌలిక సదుపాయాల సంస్థలు ఇ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్లో టెండర్లు వేస్తాయి. అక్కడ కావాల్సింది డిజిటల్ సిగ్నేచర్, పోర్టల్ నమోదు.

డబ్బు ఎన్నాళ్లకి ఇస్తారన్నది కూడా మొదట్లో ఎత్తకండి, కానీ మీ చట్టబద్ధమైన స్థానం తెలుసుకుని ఉండండి. ఎంఎస్‌ఎంఈడీ చట్టం 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థకి కొనుగోలుదారు ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా, సరుకు ఒప్పుకున్న రోజు నుంచి 45 రోజులు దాటకూడదు. ఇది ప్రైవేటు కొనుగోలుదారుకి కూడా వర్తిస్తుంది. పర్చేజ్ ఆర్డర్ ముసాయిదాలో '90 రోజుల క్రెడిట్' అని కనిపిస్తే, ఆర్డర్ ఒప్పుకునే ముందే 'మేము ఉద్యం నమోదిత సూక్ష్మ సంస్థ, 45 రోజులుగా సవరించగలరు' అని ఒక లైను మెయిల్ పెట్టండి. గొడవపడాల్సిన పన్లేదు, అకౌంట్స్‌లో ఉన్నవాళ్లకి ఈ సంగతి తెలుసు.

ఆర్డర్ చేతికొచ్చాక బట్ట కత్తిరించకముందే లైను లైనుగా చదవండి. కొలత 'ఉతికిన తర్వాత' అని ఉందా, 'కుట్టిన తర్వాత' అని ఉందా, గ్రామేజీకి ఎంత తేడా ఒప్పుకుంటారో రాశారా, జీఎస్టీ నంబరు, డెలివరీ చోటు సరిగ్గా ఉన్నాయా చూడండి. ఏదైనా తేడా ఉంటే ఫోన్లో సరే అనిపించుకుని వదిలెయ్యకుండా సవరణ ఆర్డర్ రాతలో తెప్పించుకోండి. సరుకు దింపే రోజు అక్కడ ఉండే మనిషికి ఆ ఫోన్ సంగతి తెలియదు. ఆయన చేతిలో ఉన్న ఆర్డర్ కాపీ ప్రకారం కొలుస్తాడు. బిల్లు మీద పర్చేజ్ ఆర్డర్ నంబరు, తేదీ వేసి, స్టోర్స్ ఇచ్చిన గూడ్స్ రిసీట్ నోట్ కాపీ జతచేసి అకౌంట్స్‌కి ఇవ్వండి. ఆ రిసీట్ నోట్ అదే రోజు తీసుకుని బయల్దేరండి, తర్వాత తెచ్చుకుందామంటే మీ బిల్లు గడువు ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు.